రెండు వందల పోస్టులు చదివాకే వాటా లెక్కకట్టండి

(వాణిజ్య విభాగం విద్యార్థుల సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)

అధ్యక్షులకు, ఆచార్యులకు, విద్యార్థినీ విద్యార్థులకు నమస్కారం. నన్ను పరిచయం చేస్తూ చెప్పిన మంచి మాటలకు కృతజ్ఞతలు. షేర్ ఆఫ్ వాయిస్ అంటే ఏమిటి, దాన్ని ఎలా కొలుస్తారు, కొలిచి ఏం చేస్తారు అని మూడు భాగాలుగా మాట్లాడమని నిర్వాహకులు కోరారు. మొదటి భాగం త్వరగా ముగిస్తాను. రెండో దానిలో నేను చెప్పవలసింది చాలా ఉంది.

ఒక సరుకు గురించి మార్కెట్లో వినిపించే మొత్తం మాటల్లో మన బ్రాండు వాటా ఎంత, పోటీదారుల వాటా ఎంత అన్నదే షేర్ ఆఫ్ వాయిస్. మొదట్లో దీన్ని డబ్బుతో కొలిచేవారు. ఊళ్లో సబ్బుల కంపెనీలన్నీ కలిసి ప్రకటనలకు వంద రూపాయలు ఖర్చుపెడితే అందులో మన సబ్బుది ఇరవై అయితే మన వాటా 20 శాతం. 1990లో ప్రకటనల శాస్త్రం బోధించే జాన్ ఫిలిప్ జోన్స్ హార్వర్డ్ బిజినెస్ రివ్యూలో రాసిన వ్యాసంతో దీనికి పెద్ద గుర్తింపు వచ్చింది. చిన్న బ్రాండ్లు తమ మార్కెట్ వాటాకు మించి ప్రకటనల మీద ఖర్చు చేయవలసి వస్తుందని, పెద్ద బ్రాండ్లు అంతకంటే తక్కువతోనే నిలదొక్కుకోగలవని ఆయన చూపించారు. తర్వాత బ్రిటన్‌లో లెస్ బినెట్, పీటర్ ఫీల్డ్ అనే ఇద్దరు ప్రకటనల పరిశోధకులు ఈ లెక్కను ముందుకు తీసుకువెళ్లారు. ప్రకటనల వాటా మార్కెట్ వాటా కంటే 10 పాయింట్లు ఎక్కువగా ఉంటే, మార్కెట్ వాటా ఏడాదికి సుమారు అర పాయింటు పెరుగుతుందని సగటు తీశారు.

ఇక్కడ ఒక్క విషయం గట్టిగా పట్టుకోండి. ఈ సూత్రం పుట్టింది ప్రకటనల ఖర్చు నుంచి. కంపెనీ తెలిసి, కోరి, తన జేబులోంచి పెట్టిన ఖర్చు అది. ఇవాళ అదే పేరుతో మనకు చూపిస్తున్నది వేరే లెక్క. ఫేస్‌బుక్, ఎక్స్, యూట్యూబ్ వ్యాఖ్యల్లో బ్రాండు పేరు ఎన్నిసార్లు కనపడిందో సాఫ్ట్‌వేర్ ఏరి ఇచ్చిన లెక్క. ఆ పేరు పలికినవాడు మెచ్చుకున్నాడా, తిట్టాడా, అసలు మన సరుకు గురించే మాట్లాడాడా అన్నది ఆ అంకెలో ఉండదు. అయినా పాత సూత్రాన్ని తెచ్చి కొత్త అంకెకు తగిలించి వ్యాపార నిర్ణయాలు తీసుకుంటున్నారు. నా బాధంతా ఇక్కడే ఉంది.

తెలుగు నేల మీద దీన్ని కొలవాలంటే పాల వ్యాపారాన్ని మించిన ఉదాహరణ లేదు. మన పాల ప్యాకెట్ల పేర్లు చూడండి. తిరుమల, విజయ, విశాఖ, సంగం, హెరిటేజ్, జెర్సీ. ఒకటి వెంకన్న కొండ, ఒకటి మీలో కొందరి అమ్మ పేరు, ఒకటి మహానగరం. జెర్సీ అంటే ఆవు జాతి, క్రికెట్ ఆటగాడి చొక్కా, 2019లో వచ్చిన సినిమా కూడా. అందరి నోటా నానే మాటను పేరుగా పెట్టుకుంటే జనానికి తొందరగా గుర్తుంటుంది. అదే మాటను సాఫ్ట్‌వేర్‌లో వెతికితే అన్నీ కలగలిసి వస్తాయి. వీటి పక్కన అమూల్ మాత్రం మన రోజువారీ మాటల్లో అంతగా కలవని పేరుగా నిలబడుతుంది.

దీనికి సాధారణంగా చెప్పే చికిత్స ఏమిటంటే, బ్రాండు పేరుతో పాటు సరుకు పేరు కూడా ఉన్న పోస్టులే తీసుకోవాలి. తిరుమలతో పాటు పాలు, పెరుగు, నెయ్యి అనే మాటల్లో ఏదో ఒకటి ఉండాలి. వినడానికి సబబుగానే ఉంది. కానీ తెలుగులో ఏమవుతుందో చూడండి. కొన్ని సాధనాలు తెలుగు మాటను మాటగా విడదీయలేవు. అక్షరాల ముక్క ఎక్కడ దొరికితే అక్కడ పట్టుకుంటాయి. 'పాల' అని వెతికితే పరిపాలన, పాలకులు, పాలకొల్లు అన్నీ వస్తాయి. 'పెరుగు' అని వెతికితే ధరలు పెరుగుతున్నాయన్న ప్రతి ఫిర్యాదూ వస్తుంది. హెరిటేజ్ సంగతి మరీ చిక్కు. 1992లో నారా చంద్రబాబు నాయుడు స్థాపించిన సంస్థ కావడంతో దాని పేరు రాజకీయ చర్చల్లో నిత్యం వినిపిస్తుంది. ఆ చర్చల్లో పరిపాలన, పాలకులు అన్న మాటలు తప్పకుండా ఉంటాయి. అంటే రాజకీయాలను వడకట్టడానికి పెట్టిన జల్లెడ రాజకీయాలనే లోపలికి పంపిస్తుంది. ఇక మన పిల్లలు తెలుగును ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తారు కదా. ఒకరు palu అంటారు, ఒకరు paalu అంటారు. అసలైన పాల కబురు అలా బయటే మిగిలిపోతుంది.

2024 సెప్టెంబరు మీకు గుర్తుండే ఉంటుంది. తిరుమల లడ్డూ ప్రసాదంలో వాడిన నెయ్యి మీద వివాదం రేగింది. అప్పుడు 'తిరుమల', 'నెయ్యి' రెండూ ఉన్న పోస్టులు వెల్లువెత్తాయి. అవి కొండ మీది ప్రసాదం గురించినవి. ఆ పేరుతో పాలు అమ్మే కంపెనీ గురించినవి కావు. సరుకు మాట జోడిస్తే చాలునన్న చికిత్స ఆ నెలలో పూర్తిగా విఫలమైంది.

ఆ నెల ప్రస్తావన వచ్చింది కాబట్టి నేను చూసిన ఒక సంగతి చెప్పాలి. ఇది ప్రణాళికలో లేదు. అయినా చెప్పకుండా వెళ్లలేను. ఒక జిల్లా కేంద్రంలో నెయ్యి అమ్మే సంస్థ ఉంది. పేరు చెప్పను. దాని బ్రాండు ఒక దేవుడి పేరు. ఆ నెల నివేదికలో వారి షేర్ ఆఫ్ వాయిస్ ఒక్కసారిగా మూడింతలు దాటింది. నివేదిక ఇచ్చిన ఏజెన్సీ ప్రతినిధి రంగురంగుల పటం చూపించి, మీ మాటల వాటా మార్కెట్ వాటాను ఎంతో మించిపోయింది, సూత్రం ప్రకారం అమ్మకాలు పెరగబోతున్నాయి, ఇప్పుడు ప్రకటనల ఖర్చు కాస్త తగ్గించుకోవచ్చు అన్నారు.

ఆ గదిలో చివరి కుర్చీలో ఒక అమ్మాయి కూర్చుంది. మీలాగే అప్పుడే చదువు ముగించి శిక్షణలో చేరిన అమ్మాయి. ఆమె ముందురోజు కొన్ని పోస్టులు కాగితం మీద అచ్చు వేయించి, ఒక్కొక్కటీ చదివి, పక్కన పెన్సిలుతో గుర్తులు పెట్టుకుంది. లడ్డూ గురించినవాటికి 'ల', తమ నెయ్యి గురించినవాటికి 'న'. కాగితం నిండా 'ల' గుర్తులే. అక్కడక్కడా 'న' ఉంది. వాటిలోనూ కొన్ని, ఈ నెయ్యి కూడా కల్తీయేనా అని అడిగిన అనుమానాలు. ఆమె లేచి ఆ కాగితాలు చూపించబోయింది. పోస్టులు చదవడం నీ పని కాదు, సాఫ్ట్‌వేర్ చదివింది, కూర్చోమ్మా అన్నారు.

ఆ సంస్థ దసరా, దీపావళి ప్రకటనలు తగ్గించుకుంది. నెయ్యి అమ్ముడుపోయేదే పండగ రోజుల్లో. జనం మనసులో కల్తీ భయం ఉన్న సమయంలో, మా నెయ్యి ఎక్కడ కాస్తామో, ఎలా పరీక్షిస్తామో వచ్చి చూడండి అని గట్టిగా చెప్పవలసిన సమయంలో వారు నోరు మూసుకున్నారు. ఎదుటి బ్రాండు ఆ మాట చెప్పింది. కిరాణా కొట్ల అరల్లో వీరి డబ్బాల చోటుకు ఎదుటివారి డబ్బాలు వచ్చాయి. ఆ అమ్మాయి తర్వాత ఉద్యోగం మానేసింది. కోట్ల రూపాయల నిర్ణయానికి పనికొచ్చే ఏకైక ఆధారం ఆమె చేతిలోని పెన్సిలు గుర్తులు. వాటిని గుమాస్తా పని అని తీసిపారేయడం నేను ఇప్పటికీ క్షమించలేను. ఆచార్యులారా, మీరు ఈ పిల్లలకు సాఫ్ట్‌వేర్ నేర్పండి, తప్పులేదు. కానీ చదివి గుర్తులు పెట్టడాన్ని కూడా పరీక్షలో మార్కులు ఇచ్చే పనిగా చేర్చండి అని చేతులెత్తి వేడుకుంటున్నాను.

సమయం మించుతోందని చీటీ వచ్చింది. మూడో భాగం వదిలేస్తాను. ఆ అమ్మాయి చేసిన పనినే లెక్కగా మార్చి చూపిస్తాను. ఇవి అర్థం కావడానికి నేను ఊహించుకున్న అంకెలు, ఏ కంపెనీ వాస్తవ వాటా కాదు.

ఒక నెలలో తిరుమల పేరుతో 6,000, హెరిటేజ్ పేరుతో 3,000, అమూల్ పేరుతో 1,000 పోస్టులు దొరికాయనుకుందాం. మొత్తం పది వేలు. సాఫ్ట్‌వేర్ పటం ప్రకారం వాటాలు 60, 30, 10 శాతం. ఇప్పుడు ఒక్కో బ్రాండు నుంచి లాటరీ పద్ధతిలో 200 పోస్టులు తీసి చదవండి. మొదటి 200 తీయకండి, అవన్నీ ఒకే రోజువి కావచ్చు. తిరుమలలో 6, హెరిటేజ్‌లో 20, అమూల్‌లో 180 నిజంగా పాల సరుకుల గురించినవని తేలిందనుకోండి. అంటే 3 శాతం, 10 శాతం, 90 శాతం. వాటితో పై అంకెలను గుణిస్తే అసలు పోస్టులు 180, 300, 900. మొత్తం 1,380. వాటాలు 13, 22, 65 శాతం. పటంలో అట్టడుగున ఉన్నది పైకి వచ్చింది, పైన ఉన్నది అడుగుకు పోయింది.

అయితే ఈ 13ను కూడా రాతి మీద చెక్కకండి. 200లో 6 అంటే అసలు శాతం సుమారు ఒకటిన్నర నుంచి ఆరున్నర మధ్య ఎక్కడైనా ఉండవచ్చు. ఆ ఒక్క లెక్కతోనే తిరుమల వాటా 7 నుంచి 25 శాతం దాకా ఊగుతుంది. పోయిన నెల 11, ఈ నెల 15 అని ఎవరైనా సంబరపడితే అది ఊగిసలాటే కావచ్చు. అందుకే పేరు ఎంత కలగలిసిపోయేదైతే అంత ఎక్కువ చదవాలి. 1,000 చదివి అందులో 30 దొరికితే ఆ వాటా సుమారు 10 నుంచి 18 మధ్యకు కుదురుకుంటుంది. అమూల్‌కు అంత శ్రమ అక్కరలేదు.

విజయను ఈ లెక్కలో కావాలనే చేర్చలేదు. ఆ పేరుతో తెలంగాణలో ప్రభుత్వ పాడి సమాఖ్య పాలు అమ్ముతుంది, కృష్ణా జిల్లా వైపు మిల్క్ యూనియన్ అమ్ముతుంది. 'విజయ పాలు విరిగిపోయాయి' అని ఒకరు రాస్తే ఆ ఫిర్యాదు ఎవరి ఖాతాలో వేస్తారు? రాసినవారి ఊరు తెలిస్తేనే తేలుతుంది. తెలియనివాటిని ఎటూ వేయకుండా విడిగా ఉంచి, ఎన్ని ఉన్నాయో నివేదికలో చెప్పాలి.

చదివేటప్పుడు ఇద్దరు కూర్చోండి. ఒకరి గుర్తులు ఒకరు చూడకుండా పెట్టి, ఆ తర్వాత పోల్చుకోండి. ఇద్దరికీ తేడా వచ్చిన పోస్టులను పక్కకు తీసి, ఎందుకు తేడా వచ్చిందో ఒక్కో వాక్యం రాయండి. మెచ్చుకోళ్లు, ఫిర్యాదులు, ధర అడిగినవి, కంపెనీ తానే పెట్టినవి వేరువేరు వరుసల్లో ఉంచండి. కంపెనీ తానే పెట్టినవాటిని వాటాలో కలపకండి. ఖాళీ పట్టికల నకళ్లు వెనక బల్ల మీద ఉన్నాయి. మీ ఇంటికి వచ్చే పాల ప్యాకెట్టు ఏదో దానితోనే మొదలుపెట్టండి. తేడా వచ్చిన పోస్టుల కాగితం నాకు పంపండి, తప్పకుండా చదువుతాను. ఇక మీ ప్రశ్నలు అడగండి.