నేపాలీలో ఒక్క పొల్లు

అందరికీ నమస్కారం. హిందీ, నేపాలీ రెండూ దేవనాగరిలోనే రాస్తారు. అందుకే హిందీ వచ్చినవాళ్లు నేపాలీ పేపర్ చేతికిస్తే గడగడా చదివేస్తారు, చదివి బోల్తా పడతారు. నేనూ పడ్డాను. ఇక్కడ బోర్డు మీద ఆ మాటల్ని అక్షరానికి అక్షరం తెలుగులో రాస్తున్నాను, చూడండి.

'బస' తీసుకుందాం. హిందీలో ఇలా రాసి 'బస్' అని చదువుతారు. బస్సు అనైనా, 'ఇక చాలు' అనైనా అర్థం. చివరి 'అ' పలకదు, అయినా పొల్లు పెట్టరు. నేపాలీలోనూ బస్సుని ఇలాగే రాసి, ఇలాగే చదువుతారు. పేచీ అంతా క్రియలతోనే. నేపాలీలో 'బస్ను' అంటే కూర్చోవడం, ఉండడం. మనం ఊళ్లో బస చేయడం లాంటిదే అనుకోండి. 'తిమీ' అని పిలిచే స్నేహితుణ్ణి కూర్చోమనాలంటే 'బస' అని రాసి, మన తెలుగులోలాగే చివరి 'అ'ను కూడా పలకాలి. అదే 'తఁ' అని పిలిచే చిన్నపిల్లలతోనో, కోపంలో ఎవరితోనో అయితే పొల్లు పెట్టి 'బస్'. పెద్దవాళ్లకైతే 'బస్నుహోస్'.

నేపాలీ నేర్చుకునే కొత్తలో ఒక మిత్రుడికి మెసేజ్ పెడుతూ, పొల్లు ఉంటేనే శుద్ధంగా ఉంటుందనుకుని 'బస్' అని కొట్టాను. "ఏరా, నన్ను ఒరేయ్ అంటున్నావా?" అని వెంటనే ఫోన్ చేశాడు.

పొల్లు తీసేసినా చిక్కే. 'ఉనీహరూ విద్యార్థీ హున్' అంటే 'వాళ్లు విద్యార్థులు'. హిందీ అలవాటు కొద్దీ పొల్లు వదిలి 'హున' అని రాస్తే, అది 'అవడం' అనే మాటవుతుంది, వాక్యం కూలిపోతుంది. హిందీ చేయి తిరిగిన టైపిస్టు నేపాలీ కొట్టాడని పట్టుకోవాలంటే నేను ముందు బహువచన క్రియల చివర చూస్తాను. సంస్కృత పదాల్లోనూ అంతే: నేపాలీలో 'మహాన్', 'విద్వాన్' అని పొల్లుతో రాస్తే, ఇప్పటి హిందీలో 'మహాన', 'విద్వాన' అని వదిలేస్తారు.

విభక్తుల సంగతి మనకు సులువే. హిందీలో నామవాచకం తర్వాత 'ఘర మేం' అని విడిగా రాస్తారు. నేపాలీలో మన 'ఇంట్లో' లాగా 'ఘరమా' ఒకటే మాట.

ఇక దీర్ఘాలు. హిందీ 'మీఠా' నేపాలీలో 'మిఠో'. నేపాలీ ఉచ్చారణలో ఇ-ఈ, ఉ-ఊల తేడా వినబడదు, రాతలో మాత్రం పాటించాలి. కాబట్టి అక్కడి పిల్లలు కూడా ఈ తప్పులు చేస్తుంటారు. పువ్వు రెండు భాషల్లోనూ 'ఫూల'. కానీ నేపాలీలో హ్రస్వంతో 'ఫుల' అని రాస్తే కోడిగుడ్డు. నోటితో అడిగితే రెండూ ఒకేలా వినిపిస్తాయి, మీరు నిలబడింది పూలకొట్టు ముందా, కిరాణా కొట్టు ముందా అన్నదాన్ని బట్టే అర్థం చేసుకుంటారు. చీటీ రాసి పంపేటప్పుడే జాగ్రత్త పడాలి.