పొట్ట ముందా, టెస్టోస్టిరాన్ తగ్గడం ముందా?

అందరికీ నమస్కారం. బీచ్ రోడ్డులో నడక ముగించుకుని నేరుగా ఇక్కడికి వచ్చినవారికి ప్రత్యేకంగా కృతజ్ఞతలు.

నలభై దాటిన మగవాళ్లు ఈ మధ్య ల్యాబ్ రిపోర్టు చేత్తో పట్టుకుని మా దగ్గరకు వస్తున్నారు. "డాక్టరు గారూ, టెస్టోస్టిరాన్ తగ్గింది. అందుకే పొట్ట వచ్చింది. ఇంజెక్షన్ రాయండి" అంటారు. చాలామంది విషయంలో జరిగింది దీనికి తలకిందులు. ముందు వచ్చింది పొట్ట. ఆ అంకె తర్వాత తగ్గింది.

గాజువాకలో ఉంటూ షిఫ్టుల్లో పనిచేసే 46 ఏళ్ల వ్యక్తిని ఊహించుకుందాం. బరువు 92 కిలోలు, నడుము చుట్టుకొలత 104 సెంటీమీటర్లు. మన దేశపు మగవాళ్లకు 90 దాటితేనే ఎక్కువ కింద లెక్క. రాత్రి షిఫ్టు దిగి, నిద్రపోకుండా, మధ్యాహ్నం భోజనం చేసి రక్తం ఇచ్చాడు. టెస్టోస్టిరాన్ డెసీలీటరుకు 240 నానోగ్రాములు వచ్చింది. సాధారణంగా 300 కంటే తగ్గితే తక్కువ అంటాం కాబట్టి కంగారు పడ్డాడు.

అసలు ఆ పరీక్షే చెల్లదు. ఈ హార్మోను నిద్రలో పెరిగి తెల్లవారేసరికి ఎక్కువగా ఉంటుంది. భోజనం చేస్తే కొన్ని గంటలపాటు పడిపోతుంది. అందుకే రాత్రి సరిగా నిద్రపోయి, ఉదయం 7 నుంచి 10 గంటల మధ్య, పరగడుపున, రెండు వేర్వేరు రోజుల్లో రక్తం ఇవ్వాలి. జ్వరమో మరో జబ్బో ఉన్నప్పుడు ఈ పరీక్ష జోలికి పోకూడదు. మన ఉదాహరణలోని వ్యక్తి మళ్లీ ఇచ్చాడు. రెండుసార్లూ 285 దగ్గర తేలింది. ఇప్పటికీ తక్కువే.

ఇక్కడ ఆగి ఇంజెక్షన్ రాసేస్తే తప్పు. రక్తంలో టెస్టోస్టిరాన్‌లో పెద్ద భాగం ప్రొటీన్లకు అతుక్కుని తిరుగుతుంది. వాటిలో గట్టిగా పట్టుకునేది కాలేయం తయారుచేసే ఎస్‌హెచ్‌బీజీ. దేనికీ అతుక్కోకుండా స్వేచ్ఛగా ఉండే కొద్ది భాగం కణాల్లోకి సులువుగా చేరుతుంది. పొట్టలో, కాలేయంలో కొవ్వు పేరుకుంటే ఇన్సులిన్ సరిగా పనిచేయదు. శరీరం మరింత ఇన్సులిన్ విడుదల చేస్తుంది. ఆ స్థితిలో కాలేయం ఎస్‌హెచ్‌బీజీ తయారీని తగ్గిస్తుంది. మోసే ప్రొటీన్ తగ్గితే మొత్తం అంకె తగ్గుతుంది, కానీ స్వేచ్ఛగా ఉన్న భాగం దాదాపు అలాగే ఉండవచ్చు.

ఈయన ఎస్‌హెచ్‌బీజీ 14, అంటే బాగా తక్కువ. లెక్క కడితే స్వేచ్ఛా టెస్టోస్టిరాన్ మిల్లీలీటరుకు 83 పికోగ్రాముల దగ్గర వస్తుంది. 65 కంటే తగ్గితే అనుమానించాలి. అంటే ఈయనకు హార్మోను లోపం ఉందని చెప్పలేం. ఉన్నది పొట్ట, దానితోపాటు వచ్చిన ఇన్సులిన్ ఇబ్బంది. ఈయనకు ముందు చూడాల్సింది చక్కెర, కాలేయం, గురక.

ఎనిమిది నెలల్లో తొమ్మిది కిలోలు తగ్గాడనుకుందాం. మొత్తం టెస్టోస్టిరాన్ 365కి, ఎస్‌హెచ్‌బీజీ 21కి పెరిగాయనుకుంటే స్వేచ్ఛా భాగం 93 మాత్రమే అవుతుంది. పెరిగినదానిలో ఎక్కువ భాగం మోసే ప్రొటీన్ వల్లే. బరువు తగ్గితే ఈ అంకె తనంతట తానే పైకి లేస్తుందని అధ్యయనాలు కూడా చూపించాయి.

బరువు మరీ ఎక్కువైతే కథ ఇంతటితో ఆగదు. వృషణాలను పనిచేయించే ఎల్‌హెచ్ అనే సంకేతం మెదడు దగ్గరే మందగిస్తుంది. అప్పుడు స్వేచ్ఛా భాగం కూడా నిజంగానే తగ్గుతుంది.

టెస్టోస్టిరాన్ తగ్గడం వల్ల పొట్ట రావడమనే రెండో దిశ కూడా నిజమేనని ఒప్పుకోవాలి. ప్రొస్టేట్ క్యాన్సర్ చికిత్సలో టెస్టోస్టిరాన్‌ను దాదాపు పూర్తిగా ఆపేస్తారు. ఆ రోగుల్లో కొన్ని నెలల్లోనే కొవ్వు పెరుగుతుంది, కండ తగ్గుతుంది. హార్మోను పూర్తిగా పడిపోతే కొవ్వు పెరుగుతుందనడానికి అది గట్టి సాక్ష్యం. కానీ 285కీ, దాదాపు శూన్యానికీ ఎంత తేడా ఉందో చూడండి. అంకె 150 కంటే కిందికి పోయినా, ఉదయపు అంగస్తంభనలు, కోరిక స్పష్టంగా తగ్గినా పొట్టను నిందించి ఊరుకోకూడదు. ఎల్‌హెచ్, ప్రొలాక్టిన్ అనే మరో హార్మోను చూడాలి, అవసరమైతే మెదడు అడుగున ఉండే పిట్యూటరీ గ్రంథికి స్కాన్ తీయించాలి. ఎల్‌హెచ్ బాగా ఎక్కువగా ఉంటే లోపం వృషణాల్లోనే ఉందని అర్థం.

నన్ను ఎక్కువగా కలవరపెట్టేది ఇంజెక్షన్ సంగతి. బయటి నుంచి టెస్టోస్టిరాన్ అందగానే మెదడు ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్ అనే సంకేతాలు పంపడం మానేస్తుంది. వీర్యకణాల ఉత్పత్తి పడిపోతుంది, ఒక్కోసారి పూర్తిగా ఆగుతుంది. మానేశాక కోలుకోవడానికి నెలలు పట్టవచ్చు. పిల్లలు కావాలనుకునే మగవాడికి ఇది ఇవ్వకూడదు. రక్తం చిక్కబడటం మరో ప్రమాదం. రక్తంలో ఎర్రకణాల వాటా చెప్పే హెమటోక్రిట్ 54 శాతం దాటితే మందు ఆపాలి. ఇప్పటికే వాడుతున్నవారు ఈ హాలులో ఉంటే, సొంతంగా ఆపేయకుండా, మొదలుపెట్టడానికి ముందు తీసిన ఉదయపు రిపోర్టులు తీసుకుని మీ డాక్టరు గారి దగ్గరకు వెళ్లండి. ఆ రిపోర్టులు అసలు లేకపోతే ఆ సంగతి కూడా ఆయనకు చెప్పండి.