మిషన్ మార్చొద్దు

అందరికీ నమస్కారం. వాచీ రిపేరులో నలభై ఏళ్ల అనుభవం చెప్పమని గ్రంథాలయం వాళ్లు పిలిచారు. చాలా రాసుకొచ్చాను. ముందు వరసలో ఆ అమ్మాయి కూర్చుని ఉంది, ఆమెను చూశాక కాగితం పక్కన పెట్టేస్తున్నాను.

షాపు మూసేశాక, పెళ్లికి పన్నెండు రోజుల ముందు మా ఇంటికొచ్చింది. చేతిరుమాల్లో వాళ్ల నాన్నగారి హెచ్‌ఎంటీ జనతా. ఆయన పోయి ఆరేళ్లు. "తాతయ్యా, పీటల మీద ఇది పెట్టుకోవాలి. కీ ఇస్తే గంటకి ఇరవై నిమిషాలు ముందుకి పోతోంది. షాపులో బ్యాటరీ మిషన్ పెట్టేస్తామన్నారు" అంది.

నా బాధంతా ఇక్కడే. ఈ హెచ్‌ఎంటీ వాచీలు జపాన్ సిటిజన్ కంపెనీ వాళ్ల సాయంతో 1961లో బెంగళూరులో మొదలయ్యాయి. ఎన్ని ఇళ్లలో నాన్నల చేతికి ఉండేవో మీకు తెలుసు. లోపలి మిషన్ తీసేస్తే మిగిలేది డబ్బా! ఆయన రోజూ పొద్దున కీ ఇచ్చింది ఆ డబ్బాకి కాదు కదా.

వాచీ అంత వేగంగా పరిగెడితే నేను ముందు అయస్కాంతాన్ని అనుమానిస్తాను. మూత తీసి, ఊగే బ్యాలెన్స్ చక్రం మీద చిన్న దిక్సూచి పెట్టాను. చక్రంతో పాటు ముల్లూ వణికింది. "ఎక్కడ ఉంచావు తల్లీ?" అంటే, "నాన్న ఫొటో ముందు, స్పీకరు మీద" అంది. స్పీకర్లో అయస్కాంతం ఉంటుంది. వెంట్రుకంత సన్నని హెయిర్‌స్ప్రింగ్ చుట్లు ఒకదానికొకటి అంటుకుంటాయి. అప్పుడు స్ప్రింగ్ పొట్టిదైనట్టే, చక్రం తొందర తొందరగా ఊగుతుంది. మామూలుగా అది సెకనుకి ఐదు టిక్కులే కొట్టాలి.

అయస్కాంతం వదిలించే డీమాగ్నెటైజర్ మీద పెట్టి, స్విచ్ నొక్కి ఉంచే, వాచీని మెల్లగా చేయి చాచినంత దూరం లాగాలి. దగ్గరుండగా స్విచ్ వదిలేశారో, అయస్కాంతం మళ్లీ మిగిలిపోతుంది. తొందరపడే కుర్రాళ్లకి ఇదొక్కటే చెబుతుంటాను, దూరం లాగాకే వదలండి.

వేగం తగ్గింది కానీ రాత్రి ఆగిపోయింది. పాత నూనె జిగురైంది. మెయిన్‌స్ప్రింగ్ బిగువు వదిలించి, విడదీసి, పెట్రోలుతో కడిగి, చక్రాల ఇరుసులు తిరిగే రాళ్ల రంధ్రాలు పుల్లతో తుడిచి, సూది మొనంత నూనె వేశాను. ఎక్కువ వేస్తే పాకి దుమ్ము పడుతుంది. తర్వాత డయలు పైకి ఒక రోజు, కిందికి ఒక రోజు, కీ కిందికి పెట్టి ఒక రోజు చూశాను. రోజుకి అర నిమిషం ముందుకి పోతోంది. ఆ వాచీకి అది చాలు.

అద్దం మీద గీతలు పాలిష్ చెయ్యబోతే, "వద్దు తాతయ్యా, అవి నాన్నవి" అంది. చెయ్యలేదు.

పీటల మీద, జీలకర్ర బెల్లం పెట్టాక, ఆ చెయ్యి చెవి దగ్గర పెట్టుకుని వింది. నేను చూశాను.

మీ ఇంట్లో బీరువాలో నాన్నగారి వాచీ ఉంటే మిషన్ మార్పించకండి. రేపు పదింటికి ఇక్కడే ఉంటాను, దిక్సూచి నా దగ్గరుంది. తీసుకురండి.