2047 దగ్గర తప్పిన లెక్క

[పాడ్‌కాస్ట్ ఎపిసోడ్ లిఖిత ప్రతి. మాట్లాడుతున్నవారు: అమ్మాయి, ఆమె బాబాయి. బాబాయి కళాశాలలో గణితం చెప్పి పదవీ విరమణ చేశారు.]

అమ్మాయి: నమస్కారం. ఈ వారం నా పరువు నేనే తీసుకోబోతున్నాను. కిందటి ఆదివారం రాత్రి పదకొండు గంటలకు బాబాయికి ఫోను చేసి, అయిదో పరిపూర్ణ సంఖ్య దొరికిందని చెప్పాను. 20,96,128. ఆయన అటునుంచి ఒక్కటే మాట అన్నారు.

బాబాయి: "2047ని 23తో భాగించి పడుకో" అన్నాను.

అమ్మాయి: పడుకోలేదు. భాగించాను. శేషం లేకుండా 89 వచ్చింది. సరే బాబాయ్, నేను ఎక్కడ తప్పానో మొదటినుంచి చెప్పు. కాగితం, పెన్ను ఉన్నవాళ్లు దగ్గర పెట్టుకోండి. మా ముందు అయిపోయిన నెల క్యాలెండర్ కాగితం వెనక్కి తిప్పి ఉంది.

బాబాయి: 28తో మొదలుపెడదాం. దాన్ని శేషం లేకుండా భాగించేవన్నీ చెప్పు. బడిలో కారణాంకాలు అంటారు, నాకు భాజకాలు అనడం అలవాటు.

అమ్మాయి: 1, 2, 4, 7, 14, 28.

బాబాయి: కూడు.

అమ్మాయి: 56. అంటే 28కి రెట్టింపు.

బాబాయి: ఆ మొత్తాన్నే సిగ్మా అంటాం. σ(28) = 56. భాజకాల మొత్తం సంఖ్యకు సరిగ్గా రెట్టింపు అయితే అది పరిపూర్ణ సంఖ్య. కొందరు ఆ సంఖ్యను వదిలేసి మిగతా భాజకాలను కూడతారు. అప్పుడు 28కి 28 వస్తుంది. రెండూ ఒకటే, కానీ సంఖ్యను కూడా కలుపుకుంటేనే లెక్క సాఫీగా నడుస్తుంది. ఎందుకో ఇప్పుడు చూస్తావు. ఆ ఆరు సంఖ్యలను వరసగా కాకుండా గళ్లలో రాయి. పైన 1, 2, 4. వాటి కింద ప్రతిదాన్నీ 7తో గుణించి రాయి.

అమ్మాయి: పై వరసలో 1, 2, 4. కింది వరసలో 7, 14, 28. అన్నీ వచ్చేశాయి!

బాబాయి: వస్తాయి మరి. 28 అంటే 4 ఇంటూ 7. దాని భాజకం ఏదైనా 4 నుంచి ఒక ముక్క, 7 నుంచి ఒక ముక్క తీసుకుని గుణించగా వచ్చిందే. పై వరస మొత్తం 7. కింది వరస దానికి ఏడు రెట్లు. అంటే మొత్తం ఎనిమిది ఏడులు.

అమ్మాయి: 7 ఇంటూ 8, 56. కూడిక గుణకారం అయిపోయింది.

బాబాయి: σ(28) అంటే σ(4) ఇంటూ σ(7). ఇప్పుడు ఒక చిన్న ఉచ్చు. 28 అంటే 2 ఇంటూ 14 కూడా కదా. అలా విడగొట్టి చూడు.

అమ్మాయి: σ(2) అంటే 3. σ(14) అంటే 1, 2, 7, 14 కలిపి 24. గుణిస్తే... 72? ఎక్కువ వచ్చిందే.

బాబాయి: గళ్లు వేసి చూడు, ఎందుకో తెలుస్తుంది.

అమ్మాయి: పై వరస 1, 2, 7, 14. కింద వాటికి రెట్టింపు, 2, 4, 14, 28. ఓహో, 2 రెండుసార్లు వచ్చింది, 14 కూడా రెండుసార్లు వచ్చింది. ఎక్కువ వచ్చిన 16 అదే.

బాబాయి: విడగొట్టిన రెండు ముక్కలకూ 1 తప్ప వేరే ఉమ్మడి భాజకం ఉండకూడదు. ఉంటే కొన్ని గళ్లు రెండుసార్లు లెక్కకు వస్తాయి. పరీక్షల్లో పిల్లలు ఎక్కువగా జారిపడే మెట్టు ఇదే. నేను దిద్దిన కాగితాల్లో ఈ 72 లాంటివి ఎన్ని చూశానో!

అమ్మాయి: ఇక నా తప్పు దగ్గరికి రా.

బాబాయి: వస్తున్నా. 28లో జరిగిన తమాషా ఏమిటంటే, 4 భాజకాల మొత్తం 7. రెండో ముక్క కూడా 7. ఆ 7 భాజకాల మొత్తం 8, అంటే 4కి రెట్టింపు. కాబట్టి 4 ఇంటూ 7 కాస్తా 8 ఇంటూ 7 అయింది. సరిగ్గా రెట్టింపు. దీన్ని పెద్దది చేద్దాం. 16 తీసుకో.

అమ్మాయి: 1, 2, 4, 8, 16 కలిపితే 31. 31 భాజకాలు 1, 31, మొత్తం 32. 16కి రెట్టింపు. కాబట్టి 16 ఇంటూ 31, 496. దాని సిగ్మా 31 ఇంటూ 32, 992. పరిపూర్ణం!

బాబాయి: యూక్లిడ్ చెప్పింది ఇదే. ఎలిమెంట్స్ తొమ్మిదో భాగం చివర, 36వ ప్రతిపాదన. 1 నుంచి మొదలుపెట్టి రెట్టింపు చేసుకుంటూ కూడుతూ వెళ్లు. మొత్తం ప్రధాన సంఖ్య అయిన చోట ఆగి, ఆ మొత్తాన్ని ఆఖరున కూడిన సంఖ్యతో గుణించు. నువ్వు ఒక్క మాట మింగేశావు.

అమ్మాయి: "ప్రధాన సంఖ్య అయిన చోట." అసలు 8 ఇంటూ 15 పనిచేయదని నాకు తెలుసు బాబాయ్. 15 ప్రధాన సంఖ్య కాదని చూడగానే తెలుస్తుంది కదా. అందుకే ఘాతం ప్రధాన సంఖ్య అయితే చాలనుకున్నాను. 2 రెండో ఘాతం నుంచి 1 తీసేస్తే 3, మూడోది 7, అయిదోది 31, ఏడోది 127. అన్నీ ప్రధాన సంఖ్యలే. వాటి నుంచే 6, 28, 496, 8128 వస్తాయి. తర్వాతి ప్రధాన సంఖ్య 11. ఇంకేం, 2047 అనుకున్నాను.

బాబాయి: నాలుగు మెట్లు ఎక్కాక అయిదోది ఉందో లేదో చూడకుండా కాలు పెట్టావు. సరే, 15తో ఏమవుతుందో ముందు చూడు, అది చిన్నది. 8 ఇంటూ 15, 120.

అమ్మాయి: σ(8) = 15. 15 భాజకాలు 1, 3, 5, 15, మొత్తం 24. 15 ఇంటూ 24, 360. అరె, 120కి మూడు రెట్లు!

బాబాయి: రెట్టింపు కోసం వెళితే మూడు రెట్లు దొరికింది. 15 ప్రధాన సంఖ్య అయివుంటే దాని సిగ్మా 16 కావాలి. 3, 5 అనే రెండు అదనపు భాజకాలు దూరి ఇంకో ఎనిమిది చేర్చాయి. ఇప్పుడు నీ సంఖ్య, 1024 ఇంటూ 2047.

అమ్మాయి: 1024 సిగ్మా 2047. అక్కడిదాకా సరే. రెండో ముక్క 2047 సిగ్మా 2048 కావాలి. కానీ అది 23 ఇంటూ 89. కాబట్టి 24 ఇంటూ 90, 2160.

బాబాయి: కావలసినదానికన్నా ఎంత ఎక్కువ?

అమ్మాయి: 112. అది... 23, 89 కలిపితే 112! నేను చూడని రెండు భాజకాలే తేడా.

బాబాయి: తేడా ఎంతో చూస్తే దొంగ ఎవరో తెలిసిపోతుంది. రెట్టింపు 41,92,256 కావలసిన చోట 44,21,520 వచ్చింది. పెరిగింది 2047 ఇంటూ 112, అంతే.

అమ్మాయి: ఆ రాత్రి 23 అని అంత తొందరగా ఎలా చెప్పావు? కంఠస్థమా?

బాబాయి: ఇది కంఠస్థమే అనుకో, కానీ కాకపోయినా మొదట 23నే పట్టుకునేవాణ్ణి. p బేసి ప్రధాన సంఖ్య అయితే, 2^p − 1 ని భాగించే ప్రధాన సంఖ్య ఏదైనా 2p గుణిజానికి ఒకటి ఎక్కువే ఉండాలి. 11కి 2p అంటే 22. కాబట్టి 23, 45, 67, 89 ఇలా. 2047 వర్గమూలం 45 దాటి కొంచెం. 45 ప్రధాన సంఖ్య కాదు. పరీక్షించవలసింది 23 ఒక్కటే.

అమ్మాయి: 3, 7, 13 అన్నీ వరసగా భాగించుకుంటూ పోనక్కర్లేదన్నమాట.

బాబాయి: ఇప్పుడు 13 తీసుకుని నువ్వే చెయ్యి. 2 పదమూడో ఘాతం 8192. ఒకటి తీసేస్తే 8191.

అమ్మాయి: 26 గుణిజానికి ఒకటి ఎక్కువ. 27 ప్రధాన సంఖ్య కాదు. 53, 79. తర్వాత 105. వర్గమూలం 90 దాటి కొంచెం, కాబట్టి అక్కడితో సరి. 53తో... 154 సార్లు పోయి 29 మిగిలింది. 79తో 103 సార్లు పోయి 54 మిగిలింది. అంటే 8191 ప్రధాన సంఖ్య!

బాబాయి: దాన్ని 4096తో గుణిస్తే 3,35,50,336. నువ్వు ఆదివారం వెతికిన అయిదో పరిపూర్ణ సంఖ్య అది.

అమ్మాయి: రెండు భాగహారాలతో దొరికేది. సరే, ఈ పద్ధతికి చిక్కని పరిపూర్ణ సంఖ్యలు మధ్యలో ఉండవా?

బాబాయి: సరి సంఖ్యల్లో ఉండవు. అది యూక్లిడ్ చెప్పలేదు, రెండు వేల ఏళ్ల తర్వాత ఆయిలర్ నిరూపించాడు. సరి పరిపూర్ణ సంఖ్య ఏదైనా ఈ రూపంలోనే ఉంటుంది. అందుకే ఇప్పటికీ కంప్యూటర్లతో వెతికేది 2^p − 1 రూపంలోని ప్రధాన సంఖ్యలనే. 2024 అక్టోబరులో ప్రకటించినదానితో అలాంటివి 52 తెలిశాయి. దానిలో p విలువ 13,62,79,841.

అమ్మాయి: బేసి సంఖ్యల్లో?

బాబాయి: ఒక్కటీ దొరకలేదు. లేదని నిరూపణా లేదు. కానీ నీలాంటి సంఖ్య ఒకటి దేకార్త్ 1638లో మెర్సెన్‌కు ఉత్తరంలో రాశాడు. 9, 49, 121, 169, 22021. ఈ అయిదింటినీ గుణించు. 22021 ప్రధాన సంఖ్య అయివుంటే అది బేసి పరిపూర్ణ సంఖ్య అయ్యేది.

అమ్మాయి: చూద్దాం. 9 సిగ్మా 13. 49ది 57. 121ది 133. 169ది 183. 22021 ప్రధాన సంఖ్య అనుకుంటే 22022. ఇవన్నీ గుణించాలా?

బాబాయి: గుణించకు, ముక్కలు చెయ్యి. 57 అంటే 3, 19. 133 అంటే 7, 19. 183 అంటే 3, 61. 22022 అంటే 2, 7, 11, 11, 13. మొదటి 13 ఎలాగూ ఉంది.

అమ్మాయి: రెండు 3లు, రెండు 7లు, రెండు 11లు, రెండు 13లు, మొదట ఒక 2. అంటే 9, 49, 121, 169, రెట్టింపు. మిగిలినవి 19, 19, 61. వీటి లబ్ధం 22021 కావాలి. 361 ఇంటూ 61... 21,660కి 361 కలిపితే 22,021! సరిపోయింది బాబాయ్!

బాబాయి: సరిపోయింది. ఇప్పుడు చేసిన గుణకారాన్ని ఇంకోసారి చూడు.

అమ్మాయి: 22021 అంటే 19 ఇంటూ 19 ఇంటూ... అయ్యో. ప్రధాన సంఖ్య కాదని నా చేతనే చెప్పించావు!