చీర ఫోటోకి ఇరవై మాటలు

అందరికీ నమస్కారం. చేనేత చీరల ఫోటోలు తీసి ఆన్‌లైన్‌లో పెట్టే పని మీలో చాలామంది చేస్తున్నారు. నేనూ ఆ పనిలోనే ఉన్నాను కాబట్టి ఇవాళ ఒకే ఒక్క ఫోటో గురించి మాట్లాడతాను. అది ఒక మంగళగిరి నూలు చీర ఫోటో. దానికి నేను మొదట రాసిన వర్ణన చదువుతాను, వినండి.

"ఈ ఫోటోలో తెల్లని గోడ ముందు, సాయంత్రపు ఎండలో, చిరునవ్వుతో నిలబడి ఉన్న ఒక యువతి కనిపిస్తోంది. ఆమె జడలో మల్లెపూలు, చేతులకు మట్టిగాజులు ఉన్నాయి. ఆమెకు ఎడమవైపు కుండీలో తులసి మొక్క ఉంది. ఆమె ఎంతో అందమైన మంగళగిరి నూలు చీర కట్టుకుంది. చీర ముదురు ఆకుపచ్చ రంగులో ఉంది. అంచు ఎర్రగా ఉండి, దాని మీద జరీ గీతలు ఉన్నాయి. కొంగు కూడా ఎర్రగా, జరీ చారలతో ఉంది."

ఇందులో అబద్ధం ఒక్కటీ లేదు. రాసినప్పుడు నాకు చాలా బాగుందనిపించింది కూడా. దాన్ని అలాగే ఆల్ట్ టెక్స్ట్‌గా, అంటే బొమ్మ కనపడనివాళ్లకి చదివి వినిపించే వర్ణనగా పెట్టి, మా ఆఫీసులో పనిచేసే ఒక అక్కకి చూపించాను. ఆమెకు పుట్టుకతోనే చూపు లేదు. తెర మీద ఉన్నది పైకి చదివే టాక్‌బ్యాక్ అనే స్క్రీన్ రీడర్ ఫోన్‌లో పెట్టుకుని, తెర మీద వేలు కుడివైపుకి జరుపుతూ ఒక్కో అంశం వింటూ వెళుతుంది. నా ఫోటో దగ్గరికి వచ్చింది. గోడ విన్నది, ఎండ విన్నది, మల్లెపూలు విన్నది. తులసి మొక్క దగ్గర వేలు జరిపేసి తర్వాతి దానికి వెళ్లిపోయింది. "చీర ఏ రంగు తమ్ముడూ?" అని అడిగింది. రంగు నేను రాశాను. కానీ అది ఐదో వాక్యంలో ఉంది.

కళ్లున్న మనం ఫోటోని ఒక్క చూపులో పట్టేస్తాం. చీర ముందు కనపడుతుంది, గోడ ఎక్కడో వెనక ఉంటుంది. చెవికి ఆ వెసులుబాటు లేదు. మాటలు ఏ వరసలో వస్తే ఆ వరసలోనే వినాలి. అందుకే కుదించడం అంటే చివర తోక కత్తిరించడం కాదు, వరస మార్చడం. ఈ ఫోటో ఇక్కడ ఎందుకు ఉంది? చీర కొనేవాళ్ల కోసం. అయితే చీరే మొదట రావాలి.

ఇప్పుడు కొట్టేద్దాం. "ఈ ఫోటోలో" అన్నది పోతుంది, ఎందుకంటే ఇది బొమ్మ అని స్క్రీన్ రీడర్ తనే చెబుతుంది. మనమూ చెబితే రెండుసార్లు వినాలి. "ఎంతో అందమైన" పోతుంది. అందంగా ఉందో లేదో కొనేవాళ్లు తేల్చుకుంటారు, మనం రంగూ అంచూ చెప్పాలి. గోడ, ఎండ, గాజులు, తులసి, నవ్వు, అన్నీ పోతాయి. మల్లెపూలు కొట్టేయడానికి నాకు మనసొప్పలేదు గానీ, చీరతో పాటు అవి రావు కదా. మిగిలింది ఇది:

"ముదురు ఆకుపచ్చ మంగళగిరి నూలు చీర, సాదా ఒళ్లు, నాలుగు వేళ్ల వెడల్పు ఎర్ర అంచు మీద జరీ గీతలు, ఎర్ర కొంగు, జరీ చారలు."

గమనించారా, అసలు వర్ణనలో లేని రెండు సంగతులు ఇందులో చేరాయి. ఒళ్లు సాదా అని, అంచు ఎంత వెడల్పో అని. కుదిస్తున్నప్పుడు చేర్చడం కూడా ఉంటుంది. అంచు సన్నమా పెద్దదా అన్నది కొనేవాళ్లు మొదట చూసే సంగతి. నేను తులసి మొక్కకి ఒక వాక్యం ఇచ్చి దీన్ని వదిలేశాను.

పుట్టుకతో చూపు లేనివాళ్లకి రంగు ఎందుకు అని కొందరు అడుగుతారు. నేనూ మొదట్లో అనుకున్నాను. అక్క చెప్పిన జవాబు: "నాకు కనపడకపోతే ఏం, కట్టుకుని పెళ్లికి వెళితే నలుగురికీ కనపడుతుంది. జాకెట్టు ఏ రంగుది తీయాలో నాకు తెలియొద్దూ?" పైగా స్క్రీన్ రీడర్ వాడేవాళ్లలో మధ్యలో చూపు పోయినవాళ్లు, కొంచెం చూపు ఉన్నవాళ్లు కూడా ఉంటారు. ముదురు ఆకుపచ్చ అనగానే వాళ్లకి రంగు కళ్ల ముందుకొస్తుంది.

ఎంత పొడవు ఉండాలి? 125 అక్షరాలు దాటకూడదని ఒక మాట ప్రచారంలో ఉంది. వెబ్ ప్రమాణాల్లో అలాంటి హద్దు లేదు. తెలుగుకి ఆ లెక్క అసలు కుదరదు. మనకి "స్త్రీ" ఒక్క అక్షరం, కంప్యూటర్ లెక్కలో ఒత్తులూ గుడీ విడివిడిగా కలిపి ఆరు. నేను మాత్రం ఒక్క ఊపిరిలో పైకి చదవగలనా అని చూసుకుంటాను. సుమారు ఇరవై మాటలు వస్తాయి. కామా పెడితే గొంతు కాస్త ఆగుతుంది కాబట్టి, విడివిడి సంగతుల మధ్య కామాలు పెట్టండి. "సెం.మీ." లాంటి పొట్టి రూపాలు వద్దు, పూర్తిగా రాయండి.

ఇక ఇదే ఫోటో వేరే చోటికి వెళితే ఏమవుతుందో చూద్దాం. చీరలన్నీ వరసగా ఉండే పేజీలో బొమ్మ, దాని కింద పేరు, రెండూ కలిపి ఒకే లింకు అనుకోండి. పేరులోనే "ముదురు ఆకుపచ్చ మంగళగిరి నూలు చీర" అని ఉంది. అక్కడ ఆల్ట్ ఖాళీగా పెట్టాలి, లేకపోతే ప్రతి చీరకీ ఒకే మాట రెండుసార్లు వినపడుతుంది.

```html
<a href="cheera-14.html">
  <img src="cheera-14.jpg" alt="">
  ముదురు ఆకుపచ్చ మంగళగిరి నూలు చీర
</a>
```

ఖాళీ ఆల్ట్ వేరు, అసలు ఆల్ట్ రాయకపోవడం వేరు. ఖాళీగా ఉంటే స్క్రీన్ రీడర్ ఆ బొమ్మని దాటేస్తుంది. ఆల్ట్ లేకపోతే చాలాసార్లు ఫైలు పేరు చదువుతుంది, ఐ ఎం జి, రెండు, సున్నా, రెండు, నాలుగు అంటూ. ఇంకొక చిక్కు: లింకులో బొమ్మ ఒక్కటే ఉండి, పేరు లేనప్పుడు ఖాళీ ఆల్ట్ పెడితే ఆ లింకు ఎక్కడికి తీసుకెళుతుందో తెలియదు. అక్కడ చీర పేరే ఆల్ట్.

ఇప్పుడు ఇదే ఫోటోని ఫోటోలు తీయడం నేర్పే పాఠంలో వాడుకున్నాం అనుకుందాం. "ఎడమవైపు నుంచి పడుతున్న సాయంత్రపు ఎండలో, తెల్ల గోడ ముందు చీర కట్టుకుని నిలబడిన యువతి, జరీ అంచు మీద మెరుపు." మనం కొట్టేసిన గోడా ఎండా ఇక్కడ అసలు విషయాలు అయ్యాయి, అంచు వెడల్పు అక్కర్లేకుండా పోయింది. కాబట్టి ఫోటోని ఒంటరిగా చూసి ఆల్ట్ రాయకండి. పైన శీర్షిక, కింద వివరం చదివి, అక్కడ లేనిదే రాయండి.

ఆల్ట్‌లో పట్టనివి కూడా ఉంటాయి. జాకెట్టు కొలతల పట్టికని ఫోటో తీసి పెడుతుంటారు. దాన్ని ఆల్ట్‌లో కుక్కితే అంకెలన్నీ ఒకే వరసగా దొర్లిపోతాయి, ఏ అంకె ఏ సైజుదో పట్టుకోలేం. అది పేజీలోనే మామూలు పట్టికగా ఉండాలి.

ఒక చిన్న సంగతి, నేను ఒక రోజంతా టెన్షన్ పడ్డది. ఆల్ట్ తెలుగులో బాగా రాశాను, కంప్యూటర్‌లో పెట్టి వింటే అర్థంకాని ధ్వనులు వచ్చాయి. పేజీ భాష ఇంగ్లీషు అని ఉండటంతో ఇంగ్లీషు గొంతు తెలుగు చదవబోయింది. పేజీ మొదట్లో ఇది ఉందో లేదో చూడండి:

```html
<html lang="te">
```

ఇప్పుడు మీ ఫోన్లలో టాక్‌బ్యాక్ ఆన్ చేసి పెట్టుకోండి. తెర ఆర్పేయకండి, కళ్లు మూసుకోండి చాలు. మీరు తెచ్చిన మొదటి ఫోటోకి రాసుకున్న ఆల్ట్ ఎవరైనా వినిపించండి. ఏ మాట దగ్గర చీర కనపడిందో, ఆ మాట దగ్గర మిగతావాళ్లు చెయ్యెత్తండి.