అర్ధరాత్రి 12 అంటే ఏ రోజు? కాంట్రాక్టులో టైమ్ రాసే పద్ధతి

[తెర మీద ఒక మెయిల్. అందులో ఒకే వాక్యం: "ఈ ధర 2026 మార్చి 13 అర్ధరాత్రి 12 గంటల వరకే, స్థానిక సమయం ప్రకారం."]

వైజాగ్‌లో రొయ్యలు ఎగుమతి చేసే ఒకాయన ఉన్నారనుకుందాం. న్యూయార్క్ బయ్యర్ నుంచి రెండు కంటైనర్ల వనామీ రొయ్యలకి ఈ ఆఫర్ వచ్చింది. కోల్డ్ స్టోరేజ్‌లో సరుకు చూసుకుని, లెక్కలు వేసుకుని, 14వ తేదీ శనివారం పొద్దున్న 8 గంటలకు "మాకు సమ్మతమే" అని మెయిల్ పెట్టారు. ఈ లోపు అక్కడ ధర పడిపోయింది. బయ్యర్ "గడువు అయిపోయిందండీ" అంటున్నారు. ఎవరిది రైటు?

[తెర మీద: మార్చి 12 నుంచి 14 వరకు ఒక గీత]

ముందు అర్ధరాత్రి సంగతి చూద్దాం. మనం "శుక్రవారం అర్ధరాత్రి" అంటే శుక్రవారం పగలు గడిచాక వచ్చేదే. పంచాంగంలో సూర్యోదయం దాకా శుక్రవారమే కాబట్టి మనకది సహజంగానే అనిపిస్తుంది. కానీ క్యాలెండర్ తేదీ మారేది సరిగ్గా ఆ క్షణంలోనే. అందుకే 13వ తేదీకి రెండు అర్ధరాత్రులు ఉన్నాయి. ఒకటి ఆ తేదీ మొదలయ్యేటప్పుడు, ఇంకోటి ముగిసేటప్పుడు. 14వ తేదీ 00:15కి ట్రైన్ ఉంటే విశాఖ స్టేషన్‌కి 13 రాత్రే వెళ్లాలి కదా, తికమక అక్కడిదే.

12 ఏఎం, 12 పీఎం అని రాసినా ఇది తేలదు. పగలైతే "మధ్యాహ్నం 12" అని రాయండి, సరిపోతుంది.

ఇక "స్థానిక సమయం". ఎవరి స్థానికం? దేశమంతా ఒకే గడియారంతో బతుకుతాం కాబట్టి ఈ ప్రశ్న మనకు చప్పున తట్టదు. రెండు అర్ధరాత్రులు, రెండు ఊళ్లు. వైజాగ్ టైమ్‌లో ఆ గడువు ఎప్పుడెప్పుడు పడుతుందో చూడండి.

[తెర మీద గీతపై నాలుగు చుక్కలు ఒక్కొక్కటిగా వెలుగుతాయి]

వైజాగ్ లెక్కలో 13 మొదలు అయితే గురువారం రాత్రి 12కే గడువు అయిపోయింది. న్యూయార్క్ లెక్కలో 13 మొదలు అయితే శుక్రవారం ఉదయం 9:30. వైజాగ్‌లో 13 చివర అయితే శుక్రవారం రాత్రి 12. న్యూయార్క్‌లో 13 చివర అయితే శనివారం ఉదయం 9:30. మొదటిదానికీ చివరిదానికీ మధ్య ముప్ఫై మూడున్నర గంటలు! మనాయన మెయిల్ ఈ చివరి లెక్కలో మాత్రమే గడువులో పడింది.

"న్యూయార్క్ టైమ్ అని రాయకుండా ఈఎస్‌టీ అని రాస్తే?" అని అడగొచ్చు. ఇంకో చిక్కు. ఈఎస్‌టీ అంటే న్యూయార్క్ చలికాలం టైమ్. అమెరికాలో 2026 మార్చి 8న గడియారాలు గంట ముందుకు జరుగుతాయి. ఆ రోజు నుంచి న్యూయార్క్‌లో నడిచేది వేసవి టైమ్ అయిన ఈడీటీ, ఈఎస్‌టీ కాదు. ఉన్నదున్నట్టు చదివితే ఈఎస్‌టీ గడువు శనివారం 10:30కి పోతుంది. ఒక గంట తేడాకి ఒక వాదన. మన ఐఎస్‌టీ కూడా పొడి అక్షరాల్లో రాయకండి, ఇజ్రాయెల్, ఐర్లాండ్ వాళ్లూ తమ టైమ్‌ని అలాగే అంటారు.

అందుకే నా సలహా, గడువుని అసలు అర్ధరాత్రికి పెట్టకండి. రెండు ఆఫీసుల్లోనూ మనుషులు మేలుకుని ఉండే టైమ్ వెతకండి. మార్చి 13న వైజాగ్‌లో సాయంత్రం 6:30 అంటే న్యూయార్క్‌లో ఉదయం 9.

[తెర మీద:]

"ఈ ఆఫర్ 2026 మార్చి 13, శుక్రవారం, 18:30 గంటల వరకు, భారత ప్రామాణిక కాలం, UTC+05:30."

UTC అంటే ప్రపంచమంతా కొలతగా వాడే సమయం, మన గడియారం దానికి ఐదున్నర గంటలు ముందుంటుంది. వారం పేరు ఎందుకంటే, తేదీ తప్పు పడితే వెంటనే కనిపిస్తుంది. 13/03 అని అంకెల్లో రాయకుండా నెల పేరు రాయండి, అమెరికా వాళ్లు నెలని ముందు రాస్తారు.

ఒక్కసారి గడువుకి ఇది చాలు. ఏడాది పొడుగునా వారం వారం జరిగే పని అయితే, ఏ ఊరి గడియారం లెక్కో రాయాలి. నవంబరు 1న అమెరికా గడియారాలు మళ్లీ గంట వెనక్కి జరుగుతాయి. వైజాగ్ 18:30 అని పట్టుకుంటే, ఆ తర్వాత న్యూయార్క్ వాళ్లకి అది ఉదయం 8 అవుతుంది. న్యూయార్క్ ఉదయం 9 అని పట్టుకుంటే, మనకి రాత్రి 7:30. ఎవరు సర్దుకోవాలో ఒప్పందంలోనే తేల్చుకోండి.

ఇంకొకటి మర్చిపోతుంటారు. 18:30కి మెయిల్ పంపితే చాలా, అవతలివాళ్లకి చేరాలా? మన కాంట్రాక్టు చట్టంలో సమ్మతి పంపడం, చేరడం రెండూ వేర్వేరు ఘట్టాలు. కాబట్టి ఆ వాక్యం చివర ఇది కూడా చేర్చండి: "ఆ సమయానికి సమ్మతి మెయిల్ ఈ కింది చిరునామా ఇన్‌బాక్స్‌కి చేరి ఉండాలి." కింద ఆ మెయిల్ చిరునామా.