చదివి వినిపించేదెవరు?

అధ్యక్షులవారికి, గ్రంథాలయ సంఘం పెద్దలకు, ముందు వరుసల్లో ఉన్న లా విద్యార్థులకు, కుర్చీలు చాలక గోడకి ఆనుకుని నిలబడ్డవారికి నమస్కారం. శాలువా సంగతి చివర్లో చూద్దాం. మైకు పనిచేస్తున్నప్పుడే మాట్లాడేస్తాను.

ఆహ్వానపత్రంలో నా అంశం ‘హమ్మురాబి నుంచి మన రాజ్యాంగం దాకా’ అని వేశారు. దాదాపు నాలుగు వేల ఏళ్ల దూరం, నాకిచ్చినది ముప్పావుగంట. అన్నీ తడిమితే ఏదీ దొరకదు. అందుకని ఒక్క ప్రశ్న పట్టుకుంటాను. చట్టాన్ని రాసి పెట్టాక దాన్ని చదివి చెప్పేదెవరు?

హమ్మురాబి శాసనం రాయి పారిస్‌లో లూవ్ర్ మ్యూజియంలో ఉంది. నల్లరాయి, నిలువు రెండుంబావు మీటర్లు. పైన సూర్యదేవుడు షమాష్ కూర్చుని ఉంటాడు, ఎదురుగా రాజు నిలబడి ఉంటాడు. కింద సన్నటి క్యూనిఫారం అక్షరాలు. బాబిలోన్‌లో హమ్మురాబి పాలన క్రీ.పూ. 1792 నుంచి 1750 దాకా. రాయి దొరికింది మాత్రం బాబిలోన్‌లో కాదు, ఇరాన్‌లోని సూసాలో. 1901-02 చలికాలంలో ఫ్రెంచివాళ్ల తవ్వకాల్లో బయటపడింది. క్రీ.పూ. 12వ శతాబ్దంలో సూసాని ఏలిన ఎలాం రాజొకడు దాన్ని దోపిడీ సొత్తుగా ఎత్తుకుపోయాడు. ముందువైపు అడుగున కొన్ని వరుసలు చెక్కేసి నున్నగా చేయించాడు. తన పేరు చెక్కించుకోవడానికి కాబోలు. ఆ పేరు మాత్రం చెక్కనేలేదు. నిబంధనలు పోయాయి, ఖాళీ మిగిలింది. ఆ ఖాళీలో కొంత భాగాన్ని వేరేచోట్ల దొరికిన మట్టిపలకల నకళ్ల నుంచి పూరించారు. మనం చెప్పుకునే 282 అనే లెక్క కూడా రాతి మీద లేదు. 1902లో మొదట ప్రచురించిన పండితుడు షేయిల్ వేసిన నంబర్లవి.

ఈ శాసనం పేరెత్తగానే అందరికీ ఒకే మాట గుర్తొస్తుంది. కంటికి కన్ను, పంటికి పన్ను. దీని మీద నాకు పాత కోపం ఉంది, ఇవాళ కక్కేస్తాను. సగం వాక్యం పట్టుకుని ఊరేగుతాం మనం. కన్నుకి కన్ను అనేది సాటి పెద్దమనిషి కన్ను పోగొడితేనే. సామాన్యుడి కన్ను పోగొడితే ఒక మినా వెండి, అంటే సుమారు అరకిలో, ఇస్తే సరి. ఒకరి బానిస కన్ను పోగొడితే ఆ బానిస ధరలో సగం యజమానికి కట్టాలి. కళ్లు మూడూ ఒకలాంటివే, తూకం మూడు రకాలు. ఇంకో సంగతి. హమ్మురాబికి మూడు వందల ఏళ్లకు పైగా ముందే, క్రీ.పూ. 2100 ప్రాంతంలో, ఊర్ నగర రాజు ఊర్-నమ్ము పేరుతో ఉన్న శాసనంలో ఎముక విరగ్గొడితే ఒక మినా వెండి జరిమానా. అంటే జరిమానా పాతది, కంటికి కన్ను కొత్తది! మొదట్లో మనుషులు కళ్లు పీక్కునేవారు, తర్వాత నాగరికత నేర్చి డబ్బు కట్టారు అని పాఠాల్లో చెప్పే వరసకి ఈ పలకలు అడ్డం తిరుగుతాయి.

అదే రాయిలో రైతుకు సంబంధించిన ముక్క ఒకటుంది, 48వ నిబంధన. అప్పున్న రైతు పొలాన్ని తుపానో వరదో ముంచేసినా, నీళ్లు లేక పంట పండకపోయినా, ఆ ఏడాది అప్పిచ్చినవాడికి ధాన్యం కొలవక్కర్లేదు. పలకను తడపాలి, ఆ ఏటి వడ్డీ కట్టక్కర్లేదు. పలకను తడపడం అంటే ఏమిటి? అప్పుపత్రం ఆరబెట్టిన మట్టిపలక. తడిపితే మెత్తబడుతుంది, రాత మార్చుకోవచ్చు. కరువు మంజూరుకి అర్జీ, కమిటీ, జీవో లేవు. పలక తడపడమే ప్రక్రియ.

చట్టం బాగానే ఉంది. మరి రైతుకి చదువొచ్చా? రాదు. రాజుకీ ఆ సంగతి తెలుసు. అందుకే చివర్లో ఒక మాట చెక్కించాడు. అన్యాయం జరిగినవాడు నా విగ్రహం ముందుకు రావాలి, నా శాసనాన్ని చదివించుకుని వినాలి, తన వ్యవహారం తెలుసుకుని మనసు కుదుటపరచుకోవాలి, అని. చూశారా, ‘చదవాలి’ అనలేదు, ‘చదివించుకోవాలి’ అన్నాడు. చదివిపెట్టే ఆ లేఖకుడు ఎవరు, ఎంత పుచ్చుకుంటాడు, తప్పు చదివితే దిక్కేమిటి? రాతి మీద జవాబు లేదు. ఆ కాలపు వ్యాజ్యాల పలకలు వేలకొద్దీ దొరికాయి. వాటిలో ‘శాసనంలో ఫలానా మాట ఉంది గనుక ఈ తీర్పు’ అని చెప్పే అలవాటు కనిపించదు. అది న్యాయమూర్తులు వాడిన పుస్తకమా, రాజు కీర్తి కోసం నిలిపిన రాయా అని పండితులు ఇంకా వాదులాడుకుంటూనే ఉన్నారు.

రోమ్‌కి వద్దాం. ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగుతాను, అధ్యక్షులవారు క్షమించాలి.

రోమ్‌లో చట్టం పెద్ద కుటుంబాల నోట్లో ఉండేది. సామాన్యులు, ప్లెబియన్లు, ఏళ్లతరబడి ఒకటే అడిగారు: రాసి పెట్టండి. క్రీ.పూ. 451లో పదిమందిని నియమించారు. వాళ్లు పది పట్టికలు రాశారు, మరుసటి ఏడాది ఇంకో రెండు చేరాయి. ఊరి నడిబొడ్డున జనం గుమికూడే ఫోరమ్‌లో అందరికీ కనబడేలా పెట్టారు. ఆ పన్నెండు పట్టికల అసలు ప్రతి మనకి దక్కలేదు, తర్వాతి రచయితలు ఉటంకించిన ముక్కలే మిగిలాయి. ఆ ముక్కల్లో అప్పు వసూలు పద్ధతి చూడండి. తీర్పు వచ్చాక ముప్పై రోజుల గడువు. కట్టకపోతే అప్పిచ్చినవాడు పట్టుకుపోయి కట్టేయొచ్చు, అరవై రోజులు ఉంచుకోవచ్చు. ఖైదు చేసినవాడు రోజుకి ఒక రోమన్ పౌను, అంటే మన లెక్కలో 330 గ్రాముల లోపు, ధాన్యం పెట్టాలి. ఆ అరవై రోజుల్లో వరసగా మూడు సంతరోజులు అతన్ని బహిరంగంగా నిలబెట్టి, బాకీ ఎంతో గట్టిగా చాటాలి, దయ తలచేవాడెవడైనా కట్టి విడిపిస్తాడేమోనని. ఆ తర్వాత ప్రాణమైనా పోతుంది, టైబర్ నది అవతలికి బానిసగానైనా అమ్ముతారు. క్రూరమే, కాదనను. కానీ ముప్పై అంటే ముప్పై. ఇరవయ్యో రోజున ఈడ్చుకుపోతే అది తప్పని ఊళ్లో ప్రతివాడికీ తెలుసు.

రాయడం వల్ల ఇంకో లాభం జరిగింది. చివరి పట్టికల్లో పెద్ద కుటుంబాలకీ సామాన్యులకీ మధ్య పెళ్లిళ్లు చెల్లవని రాశారు. నోటిమాటగా ఉన్నంతకాలం అది ఆచారం. రాసేసరికి అవమానం కళ్లెదుట నిలబడింది. క్రీ.పూ. 445లో కొట్టేయించారు.

సరే, గెలిచారా? ఇక్కడే అసలు కథ. గాయుస్ అనే న్యాయవేత్త చెప్పిన కేసు ఇది. లా విద్యార్థులు జాగ్రత్తగా వినండి. ఒకడి ద్రాక్షతీగల్ని పొరుగువాడు నరికేశాడు. బాధితుడు వ్యాజ్యం వేశాడు. ఆ రోజుల్లో దావా వేయాలంటే నిర్ణీత వాక్యాన్ని పొల్లుపోకుండా పలకాలి. ఇతను ‘నా తీగలు నరికాడు’ అన్నాడు. కేసు పోయింది! ఎందుకంటే పట్టికలో ఉన్నది ‘చెట్లు నరికితే’ అని. ద్రాక్షతీగ చెట్టు కిందికే వస్తుంది, అతని హక్కు నిజమే, చట్టమూ అతని వైపే ఉంది. ‘చెట్లు’ అనాల్సింది ‘తీగలు’ అన్నాడు, అంతే. చట్టం ఫోరమ్‌లో ఉంది, దాన్ని ఏ మాటల్లో అడగాలో మాత్రం పూజారుల దగ్గర ఉంది. ఏ రోజున కోర్టు నడుస్తుందో చెప్పే పంచాంగం కూడా వాళ్ల దగ్గరే. ముహూర్తం అడగడానికి పురోహితుడి ఇంటికి వెళ్లినట్టు, దావా వేయడానికి వాళ్ల గుమ్మం ఎక్కాలి.

ఈ తాళం ఎప్పుడు విరిగింది? క్రీ.పూ. 304లో. బానిసత్వం నుంచి విముక్తుడైన ఒకడి కొడుకు, గుమాస్తాగా పనిచేసిన గ్నేయుస్ ఫ్లావియుస్, దావా వాక్యాల్ని బయటపెట్టాడు, కోర్టు రోజుల పంచాంగాన్ని తెల్లపలకల మీద రాయించి ఫోరమ్ చుట్టూ పెట్టాడు. పట్టికలు పెట్టిన నూట నలభై ఏళ్ల పైచిలుకుకి! చట్టం రాయించుకోవడానికి ఒక పోరాటం, ఫారం సంపాదించడానికి ఇంకొకటి.

అంకెల్లో రాయడంలోనూ ఒక గొయ్యి ఉంది. చిన్న దౌర్జన్యానికి పట్టికల్లో జరిమానా ఇరవై ఐదు ఆస్‌లు, రాగినాణేలు. రాసిన రోజున అది బరువే. నాణెం విలువ పడిపోయాక చిల్లరైంది. లూకియుస్ వెరాతియుస్ అనే కొవ్వెక్కినవాడు బజారులో ఎదురైన పెద్దమనుషుల చెంపలు వాయిస్తూ పోయేవాడట. వెనకాల సంచీతో బానిస నడుస్తూ, దెబ్బ తిన్నవాడి చేతిలో ఇరవై ఐదు లెక్కపెట్టి పోసేవాడు. చట్టప్రకారం బాకీ చెల్లు! దాంతో ఆ అంకెని పక్కనపెట్టి, నష్టం ఎంతో కేసు కేసుకీ మదింపు వేసే పద్ధతికి మారారు. మన పాత చట్టాల్లో యాభై రూపాయలు, వంద రూపాయలు అని ఉండిపోయిన జరిమానాలు చదివినప్పుడల్లా ఆ సంచీ మోసినవాడు గుర్తొస్తాడు.

చీటీ వచ్చింది. పది నిమిషాలు ఉన్నాయట. అశోకుణ్ణి ఒక్క వాక్యంలో దాటేస్తాను: కళింగలో తన అధికారులకు రాయించిన శాసనాన్ని తిష్య నక్షత్రం రోజున వినిపించాలనీ, ఒక్కడే ఉన్నా వినిపించాలనీ అందులోనే చెక్కించాడు.

ఇంతవరకూ రాజు జనాన్ని కట్టడి చేసిన రాతలు. రాజు తన చేతిని తనే కట్టుకున్న రాత మన దగ్గరే ఉంది. చినగంజాం దగ్గర మోటుపల్లి, కాకతీయ గణపతిదేవుడి అభయశాసనం, 1244. తుపానుకి ఓడ పగిలి సరుకు ఒడ్డుకి కొట్టుకొస్తే పూర్వపు రాజులు బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు అన్నీ బలవంతంగా లాగేసుకునేవారని అందులో నిర్మొహమాటంగా రాశారు. ప్రాణానికి తెగించి సముద్రం దాటి వచ్చినవాళ్లకి, నిర్ణీత సుంకం తప్ప మిగతాదంతా వదిలేస్తున్నామన్నారు. ఆ సుంకం ముప్పయ్యింట ఒక వంతు. అధికారి ‘ఇంకో వంతు’ అంటే వర్తకుడు రాయి చూపించవచ్చు. అయితే దీని వెనక పూచీ రాజు దయే. వంశం మారితే మళ్లీ చెప్పించుకోవాలి. 1358లో అనపోతారెడ్డి అక్కడే మళ్లీ శాసనం వేయించింది అందుకే.

ఇంగ్లండులోనూ ఇదే బాధ. 1215 జూన్‌లో జాన్ రాజు మాగ్నా కార్టాకి ముద్ర వేశాడు. చట్టప్రకారం తీర్పు లేకుండా స్వతంత్రుణ్ణి ఎవర్నీ పట్టుకోకూడదు, ఖైదు చేయకూడదు అని అందులో ఉంది. పది వారాలకే పోప్ రద్దు చేశాడు. తర్వాతి రాజుల కాలంలో మళ్లీ మళ్లీ జారీ చేయించుకున్నారు. 1297లో దాన్ని పెద్ద చర్చిల్లో ఏడాదికి రెండుసార్లు జనానికి చదివి వినిపించాలని రాయించుకున్నారు. మళ్లీ వినిపించడమే!

మన రాజ్యాంగంలో ఆ మాట 21, 22 అధికరణాల్లో ఉంది. అరెస్టు చేస్తే కారణాలు చెప్పాలి, ప్రయాణకాలం మినహాయించి ఇరవై నాలుగు గంటల్లో మెజిస్ట్రేటు ముందు పెట్టాలి. ముందస్తు నిర్బంధమైతే కారణాలు తెలియజేసి, అర్జీ పెట్టుకునే అవకాశం ఇవ్వాలి. 1962లో మహారాష్ట్ర నుంచి ఒక కేసు సుప్రీంకోర్టుకి వచ్చింది. నిర్బంధించినవాడికి ఇంగ్లీషు రాదు, కారణాలు ఇంగ్లీషులో ఇచ్చారు. పోలీసు అధికారి నోటితో అనువదించి చెప్పాడు కదా అన్నది ప్రభుత్వం. కుదరదంది కోర్టు. అతనికి అర్థమయ్యే భాషలో చేతికిస్తే తప్ప తెలియజేసినట్టు కాదని చెప్పి విడుదల చేయించింది.

అందుకే విద్యార్థులారా, రేపు మీ చేతికి ఒక అరెస్టు కాగితం వస్తే సెక్షన్ నంబర్లు చూసే ముందు మూడు చూడండి. పట్టుకున్న గంట ఎంత వేశారు? కారణాలు ఆ మనిషి గురించే రాశారా, లేక ‘దర్యాప్తుకు అవసరం, సాక్ష్యాలు చెరపకుండా’ అని ఎవరికైనా సరిపోయే అచ్చు వాక్యాలా? ఈ రెండూ ఒకటి కావని 2024లో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. మూడోది, కింద వేలిముద్ర ఉంటే, పైన ఉన్న భాష ఏది?

ప్రశ్నలుంటే అడగండి. వెనక నిలబడ్డవాళ్లకి ముందు అవకాశం.